వీడియోతో పాటు వెళ్లిపోయే చిరునామా

2021 జనవరి 6న వాషింగ్టన్‌లోని క్యాపిటల్ భవనంపై దాడి జరిగింది. ఆ తర్వాత కొద్ది రోజులకే, పార్లర్ అనే సోషల్ మీడియా వేదికకు ఇక సర్వర్లు ఇవ్వబోమని అమెజాన్ చెప్పేసింది. సర్వర్లు ఆగిపోయేలోపే కొందరు ప్రోగ్రామర్లు పార్లర్‌లోని బహిరంగ పోస్టులను పెద్ద ఎత్తున దించి భద్రపరిచారు. అప్పుడే ఓ సంగతి బయటపడింది. జనం ఎక్కించిన వీడియో ఫైళ్లను పార్లర్ ఉన్నవి ఉన్నట్టే దాచుకుంది. ఎన్నో వీడియోల్లో అవి తీసిన చోటి అక్షాంశ రేఖాంశాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. గిజ్మోడో అనే వార్తాసంస్థ ఆ అంకెలను పటం మీద పెట్టి, క్యాపిటల్ దగ్గర తీసిన వీడియోలేవో గుర్తుపట్టింది. దాడి చేసినవాళ్లను పట్టుకోవడానికి ఇది పనికొచ్చింది. కానీ ఆ రాశిలో దాడితో ఏ సంబంధమూ లేనివాళ్ల వీడియోలూ ఉన్నాయి. దేశమంతటా ఎవరు ఎక్కడ నిలబడి ఫోన్ పట్టుకున్నారో కూడా వాటితో పాటే తెలిసిపోయింది.

ఇంతకు పదకొండేళ్ల ముందే ఈ ప్రమాదం గురించి హెచ్చరించినవాళ్లున్నారు. 2010లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో గెరాల్డ్ ఫ్రీడ్‌లాండ్, రాబిన్ సోమర్ అనే ఇద్దరు పరిశోధకులు చిన్న ప్రోగ్రామ్ రాసి చూశారు. బర్క్‌లీ చుట్టుపక్కల ఇళ్లలో తీసినట్టు లొకేషన్ ఉన్న యూట్యూబ్ వీడియోలను అది వెతికింది. అవే ఖాతాల నుంచి వెయ్యి మైళ్లకు పైగా దూరంలో తీసిన కొత్త వీడియోలు వచ్చాయేమో కూడా చూసింది. మొదటి వీడియో ఇల్లు ఎక్కడో చెబుతుంది. రెండోది ఆ ఇంట్లోవాళ్లు ఊళ్లో లేరని చెబుతుంది. దొంగకు కావలసింది ఈ రెండే. పిల్లల ఆటపాటలు, ఇంట్లో వంట, మేడ మీది మొక్కలు రోజూ వీడియోలుగా పెట్టే మన ఇళ్లకూ ఇదే లెక్క వర్తిస్తుంది.

ఫైలులో ఏముంటుంది

ఫోన్ తీసే వీడియో చాలావరకు MP4 లేదా MOV ఫైలు. ఈ రెండూ లోపల ఒకే పద్ధతిలో, చిన్న చిన్న పెట్టెలుగా కట్టి ఉంటాయి. `mdat` అనే పెద్ద పెట్టెలో బొమ్మా శబ్దమూ ఉంటాయి. `moov` అనే చిన్న పెట్టెలో వాటి వివరాలుంటాయి. ఎంతసేపటి వీడియో, ఎంత వెడల్పు, నిలువుగా చూపాలా అడ్డంగా చూపాలా అన్నవి ప్లేయర్‌కు అవసరమైన వివరాలు. తీసిన సమయం, తీసిన చోటు, ఫోన్ తయారీదారు పేరు, మోడల్, ఫోన్‌లోని సాఫ్ట్‌వేర్ వెర్షన్ వంటివి ప్లేయర్‌కు అక్కర్లేదు. అయినా కెమెరా యాప్ వాటినీ రాస్తుంది. గ్యాలరీ మన వీడియోలను తేదీల వారీగా, ఊళ్ల వారీగా సర్ది చూపగలిగేది వీటి వల్లే. ఈ వివరాలనే మెటాడేటా అంటారు.

ఇక్కడ మనకు కలిసొచ్చే విషయం ఒకటుంది. కొరియర్ పెట్టె మీది చీటీని పీకేసినా లోపలి వస్తువుకు ఏమీ కానట్టే, `moov`లోని ఈ వివరాలను తీసేసినా బొమ్మ ఒక్క చుక్క కూడా చెడదు. వీడియోను మళ్లీ కుదించి నాణ్యత పోగొట్టుకోవలసిన పనే లేదు.

చార్మినార్ ముందు ఆండ్రాయిడ్ ఫోన్‌తో పది సెకన్ల వీడియో తీశామనుకుందాం. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఉచితంగా దొరికే FFmpeg అనే సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే `ffprobe`తో తెరుద్దాం.

```
ffprobe -hide_banner charminar.mp4
```

తెరపై వచ్చే వరుసల్లో ఇలాంటివి కనిపిస్తాయి.

```
creation_time       : 2025-01-12T12:40:10.000000Z
location            : +17.3616+078.4747/
com.android.version : 14
```

మొదటి వరుస సమయం. చివర ఉన్న Z, అది ప్రపంచ ప్రామాణిక సమయమని చెబుతుంది. దానికి ఐదున్నర గంటలు కలిపితే మన గడియారం సాయంత్రం 6:10. రెండో వరుస చోటు. మొదటి ప్లస్ భూమధ్యరేఖకు ఉత్తరాన 17.3616 డిగ్రీలు, రెండోది గ్రీనిచ్‌కు తూర్పున 78.4747 డిగ్రీలు. ఈ రెండు అంకెలనూ ఏ మ్యాప్‌లో వేసినా చార్మినార్ దగ్గరికి తీసుకెళ్తుంది. మూడోది ఫోన్‌లోని ఆండ్రాయిడ్ వెర్షన్. కొన్ని ఫోన్లు కంపెనీ పేరు, మోడల్ కూడా రాస్తాయి. ఐఫోన్ అయితే `com.apple.quicktime.model` అన్న వరుసలో మోడల్, దాని పక్కనే మరో వరుసలో ఐఓఎస్ వెర్షన్ ఉంటాయి.

ఈ చోటు ఎంత కచ్చితమైనది? అక్షాంశంలో ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. దశాంశ బిందువు తర్వాత నాలుగో అంకె అంటే అందులో పదివేలో వంతు, అంటే సుమారు 11 మీటర్లు. జీపీఎస్‌కు ఉండే పొరపాటు దీనికి తోడవుతుంది, గదిలో కూర్చుని తీస్తే ఆ పొరపాటు ఇంకా పెరుగుతుంది. అయినా ఊరు, వీధి దాటి ఏ ఇల్లో, లేదా పక్క ఇల్లో చెప్పడానికి ఇది చాలు. ఒకే ఇంట్లో తీసిన పది వీడియోలు దొరికితే ఆ అనుమానం కూడా మిగలదు.

వాట్సాప్ తీసేస్తుంది కదా?

చాలామంది అడిగే ప్రశ్న ఇదే. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది ఫైలును కుదించి కొత్తగా తయారు చేస్తుంది, ఆ క్రమంలో లొకేషన్ పోతుంది. అదే వీడియోను నాణ్యత తగ్గకూడదని `Document`గా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టుగా, చోటుతో సహా వెళ్తుంది. టెలిగ్రామ్‌లో ఫైలుగా పంపినా అంతే. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు ఇచ్చినా, ఈమెయిల్‌కు జోడించినా అంతే. పెళ్లి వీడియోలు, ఇల్లు అమ్మకానికి తీసిన వీడియోలు, వార్తాపత్రిక విలేకరికి పంపే దృశ్యాలు ఎక్కువగా ఈ దారుల్లోనే వెళ్తుంటాయి.

యూట్యూబ్ వంటి పెద్ద వేదికలు కూడా వీడియోను కొత్తగా తయారు చేసే చూపిస్తాయి. కాబట్టి చూసేవాళ్ల చేతికి మన అసలు ఫైలు అందదు. కానీ ఆ కంపెనీకి అందుతుంది. దాన్ని వాళ్లు ఏం చేస్తారు, ఎంతకాలం ఉంచుతారు అన్నది మన చేతిలో లేదు. తాము ఎక్కించిన ఫైలు అలాగే సర్వర్‌లో ఉందన్న సంగతి పార్లర్‌లో పోస్టు చేసినవాళ్లకూ ముందుగా తెలియదు. అందుకే ఫైలు మన చేయి దాటకముందే శుభ్రం చేసుకోవాలి.

శుభ్రం చేసే పద్ధతి

కంప్యూటర్‌లో FFmpegతో ఇది ఒక్క వరుస పని. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ అనే యాప్ వేసుకున్నవాళ్లు అందులోనూ ఇదే వరుస నడపవచ్చు.

```
ffmpeg -i charminar.mp4 -map 0:v:0 -map 0:a:0 \
  -map_metadata -1 -map_chapters -1 \
  -c copy -fflags +bitexact clean.mp4
```

చివర బ్యాక్‌స్లాష్ ఉన్న వరుసలు తర్వాతి వరుసతో కలిసి ఒకటే ఆజ్ఞ అవుతాయి. విండోస్‌లోనైతే ఆ గీతలు తీసేసి మొత్తం ఒకే వరుసగా రాయాలి.

ఇందులో ఒక్కో ముక్క ఏం చేస్తుందో తెలిస్తే అవసరాన్ని బట్టి మార్చుకోవచ్చు. `-map 0:v:0` అంటే మొదటి బొమ్మ ధారను మాత్రమే తీసుకో, `-map 0:a:0` అంటే మొదటి శబ్ద ధారను మాత్రమే తీసుకో అని. ఈ రెండూ కాక ఫైలులో మరేదైనా ధార ఉంటే అది కొత్త ఫైలులోకి రాదు. ఇది ఎందుకు ముఖ్యమో కాసేపట్లో చూద్దాం. శబ్దం లేని వీడియో అయితే రెండో `-map` తీసేయాలి, లేకపోతే తప్పు చూపి ఆగిపోతుంది. `-map_metadata -1` అంటే పాత వివరాలేవీ కొత్త ఫైలులోకి మోయవద్దని. `-c copy` అంటే బొమ్మనూ శబ్దాన్నీ మళ్లీ కుదించకుండా ఉన్నవి ఉన్నట్టు ఎత్తి పెట్టమని. దీనివల్లే పని కొన్ని సెకన్లలో అయిపోతుంది, నాణ్యతా తగ్గదు. నిలువుగా తీసిన వీడియో నిలువుగానే ఉంటుంది, ఎందుకంటే తిప్పి చూపాలన్న సూచన ప్లేయర్‌కు అవసరమైన వివరాల్లో ఒకటి, అది మిగులుతుంది. చివరి `-fflags +bitexact`, ఈ ఫైలును FFmpegలోని ఏ వెర్షన్ తయారు చేసిందో రాయకుండా ఆపుతుంది. ఐఫోన్ MOV ఫైలు అయితే కొత్త ఫైలు పేరుకూ `.mov` అనే ఇవ్వడం మేలు.

పని అయ్యాక నమ్మి వదిలేయకూడదు, తెరిచి చూడాలి. దీనికి ExifTool అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంకా నమ్మదగినది, ఎందుకంటే అది మూలమూలలా వెతుకుతుంది.

```
exiftool -ee -a -G1 -s clean.mp4
```

`-ee` అన్నది ధారల లోపల దాగిన వివరాలను కూడా బయటికి లాగమని చెప్పడం. ఫలితంలో `GPS`, `Location`, `Make`, `Model` అన్న వరుసలేవీ ఉండకూడదు. తయారైన తేదీ దగ్గర సున్నాలుంటాయి. కొన్ని ప్రోగ్రాములు దాన్నే 1904 అని చూపిస్తాయి. ఈ ఫైళ్లలో కాలాన్ని 1904 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడతారు కాబట్టి, ఆ గడి ఖాళీ అయిందనడానికి 1904 గుర్తు. `System` అన్న గుంపులో మాత్రం ఇవాళ్టి తేదీ, ఫోల్డర్ పేరు కనిపిస్తాయి. అవి చూసి కంగారుపడనక్కర్లేదు. అవి మన కంప్యూటర్ చెబుతున్న సంగతులు, ఫైలు లోపల రాసి ఉన్నవి కావు. ఫైలుతో పాటు వెళ్లేది ఒక్క దాని పేరే. `VID_20250112_181010.mp4` అన్న పేరులో తేదీ, సమయం రెండూ ఉన్నాయి కాబట్టి పేరు మార్చి పంపాలి.

శుభ్రం చేయడానికి కూడా ExifToolనే వాడి `-all=` అని రాసేవాళ్లున్నారు. ఫొటోలకు అది బాగా పనిచేస్తుంది. వీడియోల్లో మాత్రం కొన్ని వివరాలను అది చెరపలేదు, ముఖ్యంగా ధారల రూపంలో ఉన్నవాటిని. పైగా పాత ఫైలును `_original` అన్న తోకతో పక్కనే దాస్తుంది. ఫోల్డర్ మొత్తాన్ని ఎక్కడికైనా ఎక్కించేటప్పుడు ఆ పాత ఫైలు కూడా వెళ్లిపోయే ప్రమాదముంది.

యాక్షన్ కెమెరాలు, డ్రోన్ల సంగతి వేరు

ఫోన్ సాధారణంగా వీడియోకు ఒక్క చోటే రాస్తుంది. జీపీఎస్ ఉన్న గోప్రో కెమెరా అలా కాదు. బొమ్మ, శబ్దం పక్కనే మరో ధార నడుపుతూ, సెకనుకు ఎన్నోసార్లు చోటు, వేగం, ఎత్తు రాస్తూ పోతుంది. బైక్ హ్యాండిల్‌కు గోప్రో బిగించి ఇంటి గేటు దగ్గర మొదలుపెట్టి శ్రీశైలం ఘాట్ రోడ్డు దాకా తీశామంటే, ఆ ఫైలులో ఉన్నది ఒక చుక్క కాదు, ఇంటి నుంచి గీసిన గీత. బయలుదేరిన దృశ్యాన్ని ఎడిటింగ్‌లో కత్తిరించి, పూర్తి ఫైలును మాత్రం స్నేహితులకు లింకుగా ఇచ్చేవాళ్లు ఈ గీతను కూడా ఇచ్చేస్తున్నారు. పైపై వివరాలను తుడిచే పద్ధతులు ఈ ధారను ముట్టుకోవు. బొమ్మను, శబ్దాన్ని మాత్రమే ఎంచుకునే రెండు `-map`లు అవసరమయ్యేది ఇక్కడే. వాటి వల్ల జీపీఎస్ ధార కొత్త ఫైలులోకి రానే రాదు.

డీజేఐ డ్రోన్లలో చోటు వివరాలు సబ్‌టైటిళ్ల రూపంలో ఉంటాయి. సెట్టింగ్‌ను బట్టి వీడియో లోపలైనా, పక్కన `.SRT` అన్న ఫైలుగానైనా రావచ్చు. ఆ ఫైలును మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చోటు కనిపిస్తుంది. మెమరీ కార్డులో ఉన్నవన్నీ ఒకేసారి కాపీ చేసి పంపితే అదీ వెళ్తుంది. కారు డ్యాష్‌కెమెరాల్లో చాలావాటితో ఇంకో చిక్కు. అవి తేదీని, వేగాన్ని, ఒక్కోసారి అక్షాంశ రేఖాంశాలను బొమ్మ మీదే అచ్చు వేస్తాయి. దాన్ని ఏ మెటాడేటా పద్ధతీ తీయలేదు. కెమెరా సెట్టింగ్‌లో ముందే ఆపాలి, లేదా ఎడిటింగ్‌లో ఆ అంచును కత్తిరించాలి.

ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లకు

అన్నిటికన్నా తేలిక దారి అసలు రాయకుండా ఆపడం. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లోని `Privacy & Security`, అందులో `Location Services`, అందులో కెమెరాకు `Never` పెడితే ఇక ముందు తీసేవాటిలో చోటు ఉండదు. శాంసంగ్ కెమెరా సెట్టింగ్స్‌లో `Location tags` ఆపాలి. మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లలో పేరు కాస్త మారినా కెమెరా సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. ఇది పాత వీడియోలకు వర్తించదు, ఫోన్ మోడల్ వంటి వివరాలనూ ఆపదు.

పాతవాటిని ఐఫోన్ నుంచి పంపేటప్పుడు, షేర్ నొక్కాక పైన కనిపించే `Options`లోకి వెళ్లి `Location` ఆపవచ్చు. అక్కడే ఉండే `All Photos Data` కూడా ఆగి ఉండాలి. దీన్ని పంపే ప్రతిసారీ చూసుకోవాలి. ఆండ్రాయిడ్‌లో కంప్యూటర్, టెర్మక్స్ రెండూ లేనివాళ్లు వీడియోను వాట్సాప్‌లో తమకు తామే మామూలు వీడియోగా పంపుకుని, కుదించిన ఆ కాపీని వాడుకోవచ్చు. నాణ్యత కొంత తగ్గుతుంది, చోటు పోతుంది. గ్యాలరీలో వీడియో మొదలో చివరో కత్తిరించినంత మాత్రాన చోటు పోయిందనుకోకూడదు. కత్తిరించిన ముక్కకు పాత వివరాలు అంటుకుని రావచ్చు.

పోయిందో లేదో ఫోన్‌లోనే చూడాలంటే వీడియో తెరిచి వివరాల్లో మ్యాప్ కనిపిస్తుందేమో చూడాలి. ఒక్క జాగ్రత్త. గూగుల్ ఫొటోస్ కొన్నిసార్లు తనే చోటును అంచనా వేసి చూపుతుంది. అందుకే ఆ కాపీని ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు ఫైలుగా పంపి, అక్కడ తెరిచి చూడటం నయం.

ఇది తీయలేనివి

మెటాడేటా పోయినంత మాత్రాన వీడియో అనామకం కాదు. వెనక కనిపించే దుకాణం బోర్డు, బండి నంబరు, ఆర్టీసీ బస్సు మీది ఊరి పేరు, కిటికీలోంచి కనిపించే నీళ్ల ట్యాంకు ఇవన్నీ చోటు చెబుతాయి. ఎక్కించిన ఖాతా, వాడిన నెట్ కనెక్షన్ వేదికకు తెలుసు. కెమెరాలోని సెన్సర్‌కు కూడా తనదైన సూక్ష్మమైన లోపాల నమూనా ఉంటుంది. దాన్నిబట్టి ఒక ఫొటో ఫలానా కెమెరాతోనే తీశారని తేల్చే పద్ధతిని జెస్సికా ఫ్రిడ్రిచ్, ఆమె సహచరులు 2006లోనే ప్రచురించారు. అనుమానిత కెమెరా గానీ, దానితో తీసిన మరికొన్ని చిత్రాలు గానీ చేతిలో ఉన్నవాళ్లకే అది సాధ్యం. పక్కింటి ఆకతాయికి అది అందదు, ఫోరెన్సిక్ ప్రయోగశాలకు అందుతుంది. ఎవరి నుంచి జాగ్రత్త పడుతున్నామో తెలిస్తే, ఎంత శుభ్రం చేస్తే చాలో తేలుతుంది.

అసలు ఫైలును చెరపవద్దు

రాత్రిపూట తన మేడ మీది నుంచి అక్రమంగా వెళ్తున్న ఇసుక లారీలను తీసిన మనిషిని తలచుకోండి. ఆ వీడియో అలాగే జనంలోకి వెళ్తే, లారీల కన్నా ముందు ఆ మేడ ఎవరిదో తెలిసిపోతుంది. కాబట్టి జనంలోకి పంపేది శుభ్రం చేసిన కాపీయే కావాలి, మేడ గోడా ఇంటి ఆనవాళ్లూ కనిపించే భాగం కత్తిరించి మరీ. కానీ రేపు పోలీసులకో కోర్టుకో సాక్ష్యంగా ఇవ్వాల్సి వస్తే, అదే తేదీ, అదే సమయం, అదే చోటు ఆ మనిషికి బలం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైలులోని ప్రతి అంశాన్నీ లెక్కగట్టి వచ్చే గుర్తు. ఒక్క అక్షరం మారినా అది పూర్తిగా మారిపోతుంది. శుభ్రం చేసిన కాపీ హ్యాష్ అసలు ఫైలు హ్యాష్‌తో ఎప్పటికీ కలవదు.

అందుకే పైన చెప్పిన ఆజ్ఞలో పాత పేరు ఒకటి, కొత్త పేరు ఇంకొకటి. అసలు ఫైలును ఫోన్‌లోనే కాక ఒక పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్‌డిస్క్‌లోనో కూడా, పేరు మార్చకుండా, ఏ యాప్‌తోనూ సవరించకుండా దాచుకోవాలి. దాన్ని అడిగే హక్కున్నవాళ్లకు మాత్రమే, అడిగినప్పుడే ఇవ్వాలి. ఊరంతా చూడబోయే కాపీని మాత్రం పంపేముందు ఒక్కసారి తెరిచి, అందులో బొమ్మ, శబ్దం తప్ప మరేమీ లేదని చూసుకుని పంపాలి.